ఒకే రోజు, రెండు గదులు: టెక్నికల్ ప్యానెల్‌కు ఒక పరిచయం, హెచ్‌ఆర్‌కు మరొకటి

ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ డ్రైవ్ చాలాసార్లు ఒక్క రోజులోనే ముగుస్తుంది. పొద్దున సెమినార్ హాల్లో కంపెనీవాళ్ల ప్రీ ప్లేస్‌మెంట్ టాక్, ఆ వెంటనే కంప్యూటర్ ల్యాబ్‌లో ఆన్‌లైన్ టెస్ట్, భోజనాలయ్యాక టెక్నికల్ రౌండ్, అందులో నెగ్గినవాళ్లకు సాయంత్రం హెచ్‌ఆర్ రౌండ్. ఈ చివరి రెండింటి మధ్య ఒక్కోసారి అరగంట కూడా ఉండదు. రెండు గదుల్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: ‘మీ గురించి చెప్పండి.’ ప్రశ్న ఒకటే కాబట్టి జవాబూ ఒకటే చాలనుకుని, ఒకే పరిచయాన్ని కంఠతా పట్టి రెండు చోట్లా అప్పజెప్పేవాళ్లు ఎక్కువ. కానీ మాటలు ఒకటే అయినా, అడిగేవాళ్లకు కావలసింది ఒకటి కాదు. ఆ తేడా తెలిస్తే, ఉన్న వివరాలతోనే రెండు పరిచయాలు తయారు చేసుకోవచ్చు.

ఏ గదిలో ఎవరుంటారు

టెక్నికల్ ప్యానెల్‌లో కూర్చునేది సాధారణంగా రోజూ కోడ్ రాసే ఇంజనీరో, ఒక టీమ్‌ను నడిపే లీడో అయి ఉంటారు. వాళ్ల ముందు రెజ్యుమె ఉంటుంది గాని, దాన్ని పూర్తిగా చదివే తీరిక దొరకదు. ఒక్కో అభ్యర్థికి దక్కేది పదిహేను నిమిషాలో, అరగంటో. ఆ కాస్త సమయంలో వాళ్లు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ మనిషి తాను చేశానని చెప్పిన పనిని నిజంగా అర్థం చేసుకుని చేశాడా? అది తేలాలంటే ఎక్కడో ఒకచోట తవ్వాలి. ఎక్కడ తవ్వాలో వాళ్లు పరిచయం వింటున్నప్పుడే చూసుకుంటారు.

హెచ్‌ఆర్ ప్యానెల్‌కు చేరేసరికి ఆ ప్రశ్న దాదాపు తీరిపోయి ఉంటుంది. అక్కడ తేలవలసినవి వేరు. ఆఫర్ ఇస్తే చేరతారా, చేరి నిలుస్తారా, ఏ ఊరు పంపినా వెళ్తారా, పదిమందితో కలిసి పనిచేయగలరా, చెప్పదలచుకున్నది ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలరా. పైగా టెన్త్ మార్కుల నుంచి చివరి సెమిస్టర్ వరకూ కాగితాలు సరిచూసుకోవలసిన బాధ్యత కూడా వాళ్లదే. చదువులో ఒక ఏడాది ఖాళీ ఉంటే, ఇంటర్ బదులు డిప్లొమా ఉంటే, ఒక సబ్జెక్టు తప్పి ఉంటే వాళ్ల కళ్లు ముందు అక్కడే ఆగుతాయి.

అంటే పరిచయం విన్నాక టెక్నికల్ ప్యానెల్ ‘దీని గురించి ఇంకాస్త లోతుగా అడుగుదాం’ అనుకోవాలి. హెచ్‌ఆర్ ప్యానెల్ ‘ఈ మనిషి విషయంలో నాకున్న సందేహం ఒకటి తీరింది’ అనుకోవాలి. ఒకటి ప్రశ్న పుట్టించే పరిచయం, రెండోది ప్రశ్న తీర్చే పరిచయం.

మారనివి, మారేవి

రెండు పరిచయాలు తయారు చేసుకోవడమంటే ఇద్దరు మనుషులుగా కనిపించడం కాదు. కొన్ని వివరాలు రెండు గదుల్లోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. పేరు, కోర్సు, ప్రాజెక్టు పేరు, అందులో ఎంతమంది ఉన్నారు, తన వంతు పని ఏది, ఎన్నాళ్లు పట్టింది, ఫలితం ఏమిటి అన్నవి ఈ కోవలోకి వస్తాయి. టెక్నికల్ ప్యానెల్ తన అభిప్రాయాన్ని ఒక కాగితం మీదో, కంపెనీ పోర్టల్‌లోనో రాస్తుంది. హెచ్‌ఆర్ దాన్ని చూసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మధ్యాహ్నం ‘ముగ్గురం కలిసి చేశాం’ అని చెప్పి, సాయంత్రం ‘ప్రాజెక్టంతా నేనే నడిపించాను’ అంటే ఆ రెండో మాట మొదటి మాటనూ పాడు చేస్తుంది.

మారేవి మూడు. మొదటిది వరుస, అంటే ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత. రెండోది లోతు, అంటే ఏ విషయం మీద ఆగాలి, ఏది ఒక్క ముక్కలో దాటాలి. మూడోది ముగింపు. పరిచయం ఆగినచోటి నుంచే తర్వాతి ప్రశ్న మొదలవుతుంది కాబట్టి ఈ మూడింటిలో ముగింపుకే ఎక్కువ బలం ఉంటుంది. ‘నా హాబీలు క్రికెట్, పాటలు వినడం’ అని ముగిస్తే టెక్నికల్ ప్యానెల్‌కు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు వాళ్లు సిలబస్‌లోంచి తమకు తోచింది అడుగుతారు.

నిడివి రెండింటికీ ఇంచుమించు సమానమే, నిమిషం నుంచి నిమిషంన్నర. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరుగుతుంది కాబట్టి, తొందర లేకుండా మాట్లాడితే ఈ సమయంలో నూట ముప్పై నుంచి నూట ఎనభై మాటలు పడతాయి. నాలుగైదు విషయాలకు మించి అందులో ఇమడవు. ఏది వదిలేయాలన్న ప్రశ్న అక్కడే వస్తుంది.

ఒక విద్యార్థిని, ఒక ప్రాజెక్టు

అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి సీఎస్‌ఈ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయిని ఉదాహరణగా అనుకోవచ్చు. టెన్త్ అయ్యాక పాలిటెక్నిక్‌లో మూడేళ్ల కంప్యూటర్ డిప్లొమా చేసింది. ఈసెట్ రాసి ల్యాటరల్ ఎంట్రీలో బీటెక్ రెండో ఏడాదిలో చేరింది. చేరిన మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. డిప్లొమా నుంచి ఇప్పటిదాకా ఆరేళ్లూ హాస్టల్‌లోనే ఉంది.

ఆమె ప్రాజెక్టు హాస్టల్ మెస్ కోసం చేసిన వెబ్ అప్లికేషన్. శని, ఆదివారాల్లో సగంమంది ఇళ్లకు వెళ్లిపోతారు, కానీ వంట మాత్రం నాలుగు వందల మందికీ చేస్తారు, మిగిలింది పారబోస్తారు. దాన్ని ఆపడానికి, మర్నాడు ఏ పూట తింటారో ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు ఫోన్‌లో నొక్కి చెప్పే ఏర్పాటు చేశారు. టీమ్‌లో ముగ్గురు. డేటాబేస్, బుకింగ్ తీసుకునే బ్యాకెండ్ ఈమె పని. స్క్రీన్లు ఒకరివి, రిపోర్టులు ఇంకొకరివి. పైథాన్‌లో ఫ్లాస్క్, డేటాబేస్‌కు మైఎస్‌క్యూఎల్ వాడారు.

వాడకం మొదలైన రెండో వారంలో తేడా బయటపడింది. ఒక శనివారం రాత్రి లెక్క 231 చూపించింది, తిన్నది 214 మంది. మెస్ సూపర్‌వైజర్ ‘మీ లెక్క కన్నా నా అంచనాయే నయం’ అన్నాడు. వెతికితే కొందరి పేరు మీద ఒకే పూటకు రెండేసి వరుసలు ఉన్నాయి. ఫోన్‌కు సిగ్నల్ సరిగా అందనప్పుడు బటన్ రెండుసార్లు నొక్కినవాళ్లవే అవి.

ఇవీ ముడి వివరాలు. రెండు పరిచయాలూ వీటిలోంచే రావాలి.

టెక్నికల్ గదిలో

ఇంగ్లీషులో చెప్పవలసిన ఆ పరిచయం సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

“గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్. నేను సీఎస్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను. ఎక్కువగా పనిచేసింది పైథాన్, మైఎస్‌క్యూఎల్ మీద. మా హాస్టల్ మెస్‌లో మర్నాడు ఎంతమంది తింటారో ముందురోజు రాత్రే లెక్క తేలేలా ముగ్గురం కలిసి ఒక వెబ్ అప్లికేషన్ చేశాం. అందులో డేటాబేస్ డిజైన్, బుకింగ్ తీసుకునే బ్యాకెండ్ నేను చేశాను. వాడకంలోకి వచ్చాక అసలు కన్నా ఎక్కువ లెక్క చూపించింది. చూస్తే ఒకే విద్యార్థికి ఒకే పూటకు రెండు వరుసలు పడుతున్నాయి. కోడ్‌లో ముందుగా చెక్ పెట్టి చూశాను, ఆగలేదు. చివరికి డేటాబేస్‌లోనే యూనిక్ కీ పెట్టాక ఆగింది. కోడ్‌లో పెట్టిన చెక్ ఎందుకు చాలలేదో అర్థం చేసుకోవడానికే నాకు వారం పట్టింది.”

ఇందులో ఊరు, కుటుంబం, మార్కులు, హాబీలు లేవు. డిప్లొమా ప్రస్తావన కూడా లేదు. ఇవేవీ దాచవలసినవి కావు, అడిగితే చెప్పవచ్చు. కానీ ఈ గదిలో కూర్చున్నవాళ్లకు అవి పనికొచ్చే సమాచారం కాదు. తెలిసిన భాషలన్నీ ఏకరువు పెట్టకుండా రెండే పేర్లు చెప్పడమూ కావాలని చేసిందే. జావా, సీ, రియాక్ట్, మెషిన్ లెర్నింగ్ అంటూ పేర్చుకుంటూ పోతే అందులో దేని మీదైనా ప్రశ్న రావచ్చు. పరిచయంలో పలికిన ప్రతి పేరూ ‘దీని మీద అడగండి’ అన్నట్టే లెక్క.

చివరి వాక్యం ప్రశ్నను పిలుస్తోంది. విన్న ఇంజనీరు దాదాపు తప్పకుండా ‘ఎందుకు చాలలేదు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర సిద్ధంగా ఉండవలసిన జవాబును దగ్గరగా చూస్తే, పరిచయం ఎంత లోతు మీద నిలబడాలో తెలుస్తుంది.

ఆర్టీసీ రిజర్వేషన్ కౌంటర్లు రెండు ఉన్నాయనుకుంటే, ఇద్దరు గుమాస్తాలూ ఒకే క్షణంలో చార్టు చూసి ‘పన్నెండో సీటు ఖాళీ’ అనుకుని ఇద్దరు ప్రయాణికులకు అదే సీటు రాయగలరు. చూడడానికీ రాయడానికీ మధ్య ఉన్న ఆ చిన్న సందులోనే పొరపాటు జరుగుతుంది. మెస్ అప్లికేషన్‌లోనూ ఇంతే. బటన్ రెండుసార్లు నొక్కితే రెండు రిక్వెస్టులు దాదాపు ఒకేసారి సర్వర్‌కు చేరతాయి. ‘ఈ విద్యార్థి బుక్ చేశాడా?’ అని రెండూ చూసుకుంటాయి. రెండింటికీ ‘లేదు’ అనే జవాబు వస్తుంది, రెండూ రాసేస్తాయి. అందుకే కోడ్‌లో పెట్టిన చెక్ సరిపోలేదు. ఒకే చార్టు మీద ఒకే సీటుకు రెండో పేరు రాయనివ్వని కట్టడి డేటాబేస్‌లోనే ఉండాలి:

```sql
ALTER TABLE meal_booking
ADD UNIQUE KEY uq_meal (student_id, meal_date, meal_type);
```

విద్యార్థి, తేదీ, పూట ఈ మూడూ కలిసి ఒకసారికి మించి రాకూడదని దీని అర్థం. అనుభవమున్న ప్యానెల్ సభ్యుడు ఇక్కడితో ఆగడు. ‘అప్పటికే టేబుల్‌లో రెండేసి వరుసలు ఉన్నాయి కదా, ఈ కీ ఎలా పెట్టగలిగారు?’ అని అడుగుతాడు. పుస్తకంలో చదివి వచ్చినవాళ్లు తడబడేది ఇలాంటి చోటే. నిజంగా చేసినవాళ్లకు మైఎస్‌క్యూఎల్ ఇచ్చిన ఎర్రర్ 1062, ‘Duplicate entry’ అన్న మాట, కళ్ల ముందు ఉంటుంది. పాత నకళ్లను ముందు తీసేసి, ఆ తర్వాతే కీ పెట్టవలసి వచ్చిందని చెప్పగలుగుతారు. తర్వాత రెండోసారి నొక్కినవాళ్లకు ఆ ఎర్రర్ చూపించకుండా ‘మీ బుకింగ్ నమోదైంది’ అనే వచ్చేలా ఎలా చేశారో కూడా చెప్పగలగాలి.

తెలిసిన దాని అంచులో ముగించడం టెక్నికల్ పరిచయం నియమం. ముగింపు వాక్యం పిలిచే ప్రశ్నకు కనీసం మూడు మెట్ల లోతు వరకు జవాబు చెప్పగలిగితేనే ఆ వాక్యం పెట్టాలి. రెండో మెట్టులోనే ఆగిపోయేలా ఉంటే, వేరే విషయంతో ముగించడం మేలు.

హెచ్‌ఆర్ గదిలో

సాయంత్రం అదే అమ్మాయి చెప్పవలసిన పరిచయం ఇలా ఉంటుంది:

“గుడ్ ఈవెనింగ్ మేడమ్. మాది అమలాపురం దగ్గర పల్లె. టెన్త్ తర్వాత కంప్యూటర్స్ మీద ఇష్టంతో పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. ఆరేళ్లుగా ఇంటికి దూరంగా హాస్టల్‌లోనే ఉంటున్నాను. మా హాస్టల్ మెస్‌లో అన్నం వృథా కాకుండా, ముందే లెక్క తెలిసేలా ముగ్గురం ఒక అప్లికేషన్ చేశాం. డేటాబేస్, బ్యాకెండ్ నా పని. మొదట్లో లెక్క తప్పు రావడంతో మెస్ సూపర్‌వైజర్ మా మీద నమ్మకం వదులుకున్నారు. నేను మూడు రాత్రులు మెస్ దగ్గర నిలబడి ప్లేట్లు లెక్కపెట్టి, మా లిస్టుతో పోల్చి తప్పు పట్టుకున్నాను. సరిచేశాక ఆయనే మా లెక్క చూసి బియ్యం కొలవడం మొదలుపెట్టారు. రాసిన కోడ్ నడిస్తే చాలదు, వాడేవాళ్లకు నమ్మకం కలిగేదాకా అది మన పనేనని అప్పుడు అర్థమైంది. అలాంటి పని నేర్చుకోవడానికే ఈ ఉద్యోగం కావాలనుకుంటున్నాను.”

సంఘటన అదే. 231, 214 అంకెల వెనక ఉన్న తప్పు అదే. ‘ముగ్గురం’ అన్న మాట, ‘డేటాబేస్, బ్యాకెండ్ నా పని’ అన్న మాట మారలేదు. కానీ యూనిక్ కీ మాయమై, ఆ స్థానంలో మెస్ సూపర్‌వైజర్ వచ్చాడు. టెక్నికల్ గదిలో తప్పు ఎందుకు జరిగిందన్నది కథ. ఇక్కడ తప్పు జరిగినప్పుడు ఆమె ఎలా నడుచుకుందన్నది కథ.

ఈ పరిచయంలో మరో రెండు పనులు గుట్టుగా జరిగాయి. మొదటిది డిప్లొమా సంగతి. దరఖాస్తులో ఇంటర్ గడి ఖాళీగానో, డిప్లొమా శాతంతోనో ఉంటుంది. హెచ్‌ఆర్ దాన్ని ఎలాగూ అడుగుతారు. అడగకముందే ఒక్క వాక్యంలో చెప్పేస్తే అది సంజాయిషీలా కాక, ముందునుంచీ కంప్యూటర్స్ వైపే నడిచిన చదువులా వినిపిస్తుంది. రెండోది ‘ఆరేళ్లుగా హాస్టల్‌లోనే’ అన్న మాట. ‘ఎక్కడికైనా వెళ్లడానికి సిద్ధం’ అని చాలామంది చెబుతారు, అది ఉత్త హామీ. ఆరేళ్లు ఇంటికి దూరంగా ఉన్న మనిషి బెంగళూరుకో, పుణెకో వెళ్లి ఉండగలదన్నది ఆధారం.

మ్యాథ్స్ తప్పిన సంగతి పరిచయంలో ఎందుకు లేదన్నది సహజమైన ప్రశ్న. పరిచయంలో ముందుగా చెప్పవలసింది, వివరణ లేకపోతే అర్థం కానిదాన్ని. డిప్లొమా అలాంటిది. ఒక సబ్జెక్టు తప్పి పాసవడం అలాంటిది కాదు, మార్కుల మెమో చూస్తే తెలుస్తుంది. దాన్ని ఉన్న నిమిషంలోకి తెస్తే అనవసరంగా పెద్దదవుతుంది. అయితే అడిగినప్పుడు దాచకుండా, సాగదీయకుండా చెప్పే వాక్యం సిద్ధంగా ఉండాలి: “ల్యాటరల్ ఎంట్రీ కావడంతో ఫస్టియర్ మ్యాథ్స్ చదవలేదు, మొదటి సెమిస్టర్‌లో తప్పాను, సప్లిమెంటరీలో పాసయ్యాను, ఇప్పుడు బ్యాక్‌లాగ్స్ ఏమీ లేవు.” కారణం, జరిగింది, ఇప్పటి స్థితి. ఈ మూడు ముక్కలకు మించి అక్కర్లేదు. దరఖాస్తులో బ్యాక్‌లాగ్స్ గురించి అడిగిన గడి ఉంటే అందులో నింపినదీ, నోటితో చెప్పేదీ ఒకటే అయి ఉండాలి.

కుటుంబ వివరాలకూ ఇదే కొలత. తండ్రి వృత్తి, అన్నదమ్ముల చదువులు వరసగా చెప్పడం అలవాటుగా వస్తున్న పద్ధతి. ఆ వివరం మాట్లాడుతున్న మనిషి గురించి ఏదైనా చెబితేనే దానికి అక్కడ చోటు. తండ్రి కిరాణా కొట్టులో లెక్కలు చూస్తూ పెరిగిన కుర్రాడు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆ మాట చెప్పడం సబబే. ఉత్త జాబితాగా చెబితే పది పదిహేను సెకన్లు పోవడం తప్ప లాభం లేదు.

తారుమారైతే ఏమవుతుంది

హెచ్‌ఆర్ పరిచయాన్ని టెక్నికల్ గదిలో చెబితే మొదటి ప్రశ్న చాలావరకు ‘ఓకే, మీకు ఇష్టమైన సబ్జెక్ట్ ఏది?’ అని వస్తుంది. వినడానికి తేలికగా ఉన్నా అది మంచి సంకేతం కాదు. చెప్పిన దాంట్లో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదని దాని అర్థం. అక్కడి నుంచి ప్రశ్నలు సిలబస్ మీదకు వెళ్తాయి. మెస్ ప్రాజెక్టులో ఎంతో లోతుగా తెలిసిన అమ్మాయి ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఎప్పుడో చదివిన నిర్వచనం గుర్తు చేసుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

టెక్నికల్ పరిచయాన్ని హెచ్‌ఆర్ గదిలో చెబితే జరిగే నష్టం మరోరకం. విన్నవాళ్లకు ‘యూనిక్ కీ’, ‘రిక్వెస్ట్’ అన్న మాటలు అందకపోతే మర్యాదగా తల ఊపి, ‘సరే, మీ ఫ్యామిలీ గురించి చెప్పండి’ అని మొదటికి వస్తారు. చేసిన మంచి పని వాళ్ల చెవిన పడీ పడనట్టే అవుతుంది. అంతకు మించిన చిక్కు కూడా ఉంది. ఎదుటివాళ్లు ఎవరో చూసుకోకుండా మాట్లాడారన్న అభిప్రాయం కలుగుతుంది. రేపు క్లయింట్‌తో మాట్లాడవలసిన ఉద్యోగానికి అది లోపమే.

ఉన్నత చదువుల ప్రస్తావన కూడా చోటు చూసి రావలసిందే. ‘రెండేళ్ల తర్వాత ఎమ్మెస్ చేయాలన్నది నా లక్ష్యం’ అని పరిచయం ముగిస్తే, హెచ్‌ఆర్ చెవికి ‘ఈ మనిషి వెళ్లిపోతుంది’ అని వినిపిస్తుంది. అబద్ధం చెప్పనక్కర్లేదు. ఆ ఆలోచన ఉంటే సూటిగా అడిగినప్పుడు నిజమే చెప్పాలి. సర్వీస్ అగ్రిమెంట్ కాలం పూర్తి చేయగలరా అని అడిగితే, ఆలోచించుకున్న జవాబు ఉండాలి. అడగని చోట పరిచయపు చివరి వాక్యంగా మాత్రం అది రాకూడదు.

రెండు గదుల మధ్య సమయం

టెక్నికల్ గదిలోంచి బయటికి రాగానే మిత్రులు చుట్టుముట్టి ఏమడిగారని అడుగుతారు. ఆ సందడి మొదలవకముందే అయిదు నిమిషాలు పక్కకు వెళ్లి, ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోవడం మంచిది. ప్రాజెక్టు గురించి అక్కడ ఏయే అంకెలు, ఏయే మాటలు చెప్పారన్నది మొదటిది. సాయంత్రం కూడా అవే రావాలి. ఏ ప్రశ్నకు జవాబు తెలియలేదన్నది రెండోది. ‘టెక్నికల్ రౌండ్ ఎలా జరిగింది?’ అని హెచ్‌ఆర్ అడగడం మామూలే. ‘చాలా బాగా జరిగింది సర్’ అనడం కన్నా, ‘డేటాబేస్ మీద బాగా చెప్పగలిగాను, ఇండెక్స్ గురించిన ఒక ప్రశ్నకు పూర్తిగా చెప్పలేకపోయాను, బయటికొచ్చి చూసుకున్నాను’ అన్న జవాబు ప్యానెల్ రాసిన అభిప్రాయంతో కూడా సరిపోతుంది. మూడోది, లోపలివాళ్లు కంపెనీ పని గురించి ఏమైనా చెప్పారా అన్నది. ‘మా టీమ్ బ్యాంకు క్లయింట్లకు పనిచేస్తుంది’ అని మధ్యాహ్నం ఎవరైనా అని ఉంటే, సాయంత్రం పరిచయం చివర ‘ఈ ఉద్యోగం ఎందుకు’ అన్న వాక్యం దాని మీదే నిలబడవచ్చు. అది పొద్దున ఇంట్లో తయారు చేసుకున్న వాక్యం కన్నా నమ్మకంగా ఉంటుంది.

రెండు ప్యానెల్స్ కలిసి కూర్చుంటే

కొన్ని కంపెనీలు సమయం చాలక ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడతాయి. మరికొన్ని చోట్ల టెక్నికల్‌కూ హెచ్‌ఆర్‌కూ మధ్య మేనేజీరియల్ రౌండ్ ఉంటుంది. లోపలికి వెళ్లగానే ప్యానెల్ సభ్యులు తాము ఎవరో చెబితే శ్రద్ధగా వినాలి. ఏ పరిచయం పనికొస్తుందో ఆ రెండు ముక్కల్లోనే తెలుస్తుంది. ఎవరూ చెప్పుకోకపోతే, ప్రాజెక్టు సంఘటనను మధ్యలో పెట్టి, దానికి ముందు చదువు గురించి ఒక వాక్యం, తర్వాత దాని వల్ల మెస్‌లో వచ్చిన మార్పు గురించి ఒక వాక్యం పెడితే ఇద్దరికీ అందుతుంది. సాంకేతిక వివరాన్ని ఒక్క వాక్యానికి కుదించి, ‘డేటాబేస్‌లోనే కట్టడి పెట్టి ఆపాను’ అంటే చాలు. ఇంజనీరు అక్కడ పట్టుకుంటాడు, హెచ్‌ఆర్ సూపర్‌వైజర్ సంగతి పట్టుకుంటారు.

సిద్ధం చేసుకునే పద్ధతి

పరిచయాన్ని వాక్యం వాక్యంగా బట్టీ పట్టడం వల్ల ఒక చిక్కు ఉంది. మధ్యలో ఎవరైనా ఆపి ప్రశ్న వేస్తే మళ్లీ అతుక్కోవడం కష్టం. టెక్నికల్ ప్యానెల్స్‌లో ఇలా ఆపడం మామూలే. అందుకని వాక్యాలను కాక మెట్లను గుర్తు పెట్టుకోవాలి. ఒక కాగితాన్ని నిలువునా రెండు భాగాలు చేసి, పైన అడ్డంగా మారని వివరాలు రాయాలి. ఎడమవైపు టెక్నికల్‌కు నాలుగు మెట్లు: ఏం వాడారు, ఏం కట్టారు, తన వంతు ఏది, ఏ చిక్కు ఎలా విప్పారు. కుడివైపు హెచ్‌ఆర్‌కు నాలుగు మెట్లు: ఎక్కడి నుంచి ఎలా వచ్చారు, ఎవరితో ఏం చేశారు, చిక్కు వచ్చినప్పుడు ఎలా నడుచుకున్నారు, ఈ ఉద్యోగం ఎందుకు. ప్రతి మెట్టుకూ రెండు మూడు మాటలే రాసి, వాక్యాలు నోటి నుంచి రానివ్వాలి. మూడు నాలుగుసార్లు చెప్పేసరికి మాటలు కొంచెం కొంచెం మారుతూ, మెట్లు మాత్రం నిలుస్తాయి.

పరీక్షించుకోవడానికి ఇద్దరు శ్రోతలు కావాలి. టెక్నికల్ పరిచయాన్ని సొంత బ్రాంచి స్నేహితురాలికి వినిపించి, ‘నీకు మొదట ఏం అడగాలనిపించింది?’ అని అడగాలి. ఆమె అడిగింది తాను అనుకున్న ప్రశ్నే అయితే పరిచయం పనిచేసినట్టు. హెచ్‌ఆర్ పరిచయాన్ని కంప్యూటర్లతో సంబంధం లేని ఒక మనిషికి, ఇంట్లో పెద్దవాళ్లకో, సివిల్ బ్రాంచి స్నేహితుడికో వినిపించి, ‘నేను ఏం చేశానో నీ మాటల్లో చెప్పు’ అనాలి. ‘మెస్‌లో అన్నం వృథా కాకుండా చేశావు, తప్పొస్తే అక్కడే నిలబడి కనుక్కున్నావు’ అని తిరిగి చెప్పగలిగితే అది చేరవలసినచోటికి చేరినట్టు. ‘ఏదో సాఫ్ట్‌వేర్ చేశావు’ అని మాత్రమే చెబితే, మెస్ దగ్గర గడిపిన ఆ మూడు రాత్రులు పరిచయంలో సరిగా వినిపించడం లేదని గ్రహించి, ఆ భాగాన్ని మళ్లీ రాసుకోవాలి.